ముప్పై ఏళ్ల తర్వాత టీమ్‌కు థ్యాంక్స్: విభాగాధిపతి వీడ్కోలు ప్రసంగం ఎలా రాసుకోవాలి

రిటైర్మెంట్ సభల్లో విభాగాధిపతుల ప్రసంగాలు చాలావరకు ఒకే తీరులో సాగుతాయి. ఏ సంవత్సరంలో చేరారు, ఏయే హోదాల్లో పనిచేశారు, ఏ పెద్ద పనులు పూర్తిచేశారు అన్న వివరాలతో పది నిమిషాలు గడిచిపోతాయి. చివరి అర నిమిషంలో "నాకు సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు" అని ముగిస్తారు. ఒక్క పేరూ వినబడదు. ముందు వరసల్లో కూర్చున్న టీమ్ చప్పట్లు కొడుతుంది గానీ, హెడ్‌కు తమలో ఎవరి పని గుర్తుందో వాళ్లకు తెలియకుండానే సభ అయిపోతుంది.

మీ సర్వీసు వివరాలు మీకంటే ముందు మాట్లాడేవాళ్లు ఎలాగూ చెబుతారు. టీమ్‌లో ఎవరు ఏం చేశారన్నది మాత్రం హెడ్‌గా మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాబట్టి మీ ప్రసంగం మొత్తాన్నీ దానికే కేటాయించమని నా సలహా. అది ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆసుపత్రిలోని ల్యాబ్ విభాగానికి అధిపతిగా ఒకావిడ ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత రిటైర్ అవుతున్నారనుకుందాం. టీమ్‌లో ఇరవై రెండు మంది ఉన్నారు. మీది ఆఫీసు కావచ్చు, కాలేజీ కావచ్చు, ఫ్యాక్టరీ కావచ్చు. పని వివరాలు మారతాయి, పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: ఎంతసేపు, ఎవరితో

ఐదు నుంచి ఏడు నిమిషాలు చాలు. తెలుగులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి సుమారు ఎనభై నుంచి వంద మాటలు పడతాయి. అంటే మీరు రాసేది ఐదారు వందల మాటలు దాటకూడదు. మీ వేగం కచ్చితంగా తెలియాలంటే, ఏదైనా ఒక పేజీని ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పైకి చదివి చూడండి. సభలో ఇంట్లో చదివినదానికంటే ఎక్కువసేపే పడుతుంది. చప్పట్లు ఉంటాయి, గొంతు సర్దుకోవడం ఉంటుంది.

హాల్లో యాజమాన్యం, వేరే విభాగాలవాళ్లు, మీ కుటుంబం కూడా ఉంటారు. వాళ్లకు మొదట్లో రెండు వాక్యాలు చెప్పి, తర్వాత టీమ్ వైపు తిరిగి మాట్లాడండి. "మా టీమ్ చాలా కష్టపడేది" అని పైవాళ్లకు నివేదిక ఇస్తున్నట్టు చెప్పడానికీ, "మీరు చాలా కష్టపడ్డారు" అని వాళ్ల ముఖాలు చూస్తూ చెప్పడానికీ చాలా తేడా ఉంది. రాసుకునేటప్పుడే "వాళ్లు" అని ఉన్న ప్రతిచోటా "మీరు" అని మార్చుకోండి. ఈ ఒక్క మార్పుతో సగం ప్రసంగం దారిలో పడుతుంది.

రెండో మెట్టు: ముప్పై ఏళ్లను తవ్వడం

కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. కాగితం పట్టుకుని "ఎవరికి థ్యాంక్స్ చెప్పాలి" అని నేరుగా ఆలోచిస్తే గత నాలుగైదేళ్లవాళ్లే గుర్తొస్తారు. రోజూ కళ్లముందు ఉండేది వాళ్లే. ఇరవై ఏళ్ల కిందట మీకు పని నేర్పినవాళ్లు ఆ జాబితాలోకి రారు.

అందుకని సంవత్సరాలవారీగా కాకుండా, పని మారిన ఘట్టాలవారీగా విడగొట్టుకోండి. మన ల్యాబ్ హెడ్ విషయంలో అవి ఇలా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టి, రిపోర్టులు చేత్తో రాసిన కాలం. మొదటి ఆటోమేటిక్ యంత్రం వచ్చి అందరూ కొత్తగా నేర్చుకున్న కాలం. రిజిస్టర్లు పోయి కంప్యూటర్‌లోకి మారిన కాలం. ల్యాబ్ ఇరవై నాలుగు గంటలూ నడవడం మొదలై, రాత్రి డ్యూటీలు వచ్చిన కాలం. ఒక్కో కాలానికి ఒక్కో కాగితం పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. అప్పుడు పక్కన ఎవరున్నారు? ఏ రోజు పని ఆగిపోయేలా ఉంటే ఎవరు ఆపకుండా చూశారు? నాకు తెలియనిది ఎవరు నేర్పారు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో మీకంటే చిన్నవాళ్లు కూడా ఉంటారు. కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఓపిగ్గా నేర్పిన కుర్రాడో అమ్మాయో తప్పక ఉంటారు. హెడ్ నోటి నుంచి "ఇది నాకు నువ్వు నేర్పావు" అన్న మాట వినడం ఆ మనిషికి చాలా పెద్ద విషయం. ఆ పేరును వదలకండి.

తర్వాత ఇద్దరితో మాట్లాడండి. ఒకరు టీమ్‌లో అందరికంటే పాతవారు, ఇంకొకరు ఈమధ్యే చేరినవారు. పాతవారు మీరు మరిచిన పేర్లు చెబుతారు. కొత్తవారిని అడగాల్సింది వేరే: "నువ్వు చేరినప్పుడు నీకు పని నేర్పిందెవరు?" హెడ్ గదిలోంచి కనబడని పనులు అలా బయటపడతాయి. మెమోల్లోకి, అవార్డుల్లోకి ఎక్కని పని అది.

బదిలీ మీద వెళ్లినవాళ్లు, ముందే రిటైర్ అయినవాళ్లు, చనిపోయినవాళ్లు ఎవరున్నారో విడిగా రాసుకోండి. చనిపోయిన సహోద్యోగిని తలచుకోవాలనుకుంటే వాళ్ల ఇంట్లోవాళ్లకు ముందుగా ఒక మాట చెప్పండి. వీలైతే సభకు పిలవండి.

మూడో మెట్టు: ఎవరి పేరు చెప్పాలి

అన్నిటికంటే టెన్షన్ పెట్టే మెట్టు ఇదే. ఇరవై రెండు మందిలో ఆరుగురి పేర్లు చెబితే మిగతా పదహారు మంది మనసు చిన్నబుచ్చుకుంటారు. ఇరవై రెండూ చదివితే హాజరు పిలిచినట్టు ఉంటుంది.

నేను పాటించమనే నియమం ఇది. టీమ్ పదిమందిలోపు ఉంటే అందరి పేర్లూ చెప్పండి, ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యం కేటాయించండి. అంతకంటే పెద్దదైతే మనుషులను కాకుండా పనులను జాబితా వేసుకోండి. ల్యాబ్‌లో శాంపిళ్లు తీసుకొచ్చేవాళ్లు, కౌంటర్‌లో వాటిని నమోదు చేసేవాళ్లు, పరీక్షలు చేసే టెక్నీషియన్లు, రాత్రి డ్యూటీవాళ్లు, గాజు సామాను కడిగి శుభ్రంగా ఉంచేవాళ్లు ఉంటారు. ప్రతి పనికీ ఒక సంఘటన ఎంచుకోండి. ఆ సంఘటనలోని మనిషి పేరు చెప్పండి. వెంటనే ఆ పని చేసే అందరినీ అందులో కలపండి. విన్నవాళ్లకు "ఆవిడ పేరు చెప్పారు, నా పని చెప్పారు" అనిపించాలి. ఏ పనీ బయట మిగిలిపోకూడదు, ఏ ఒక్కరూ రెండుసార్లు రాకూడదు. జాబితా పూర్తయ్యాక టీమ్ మొత్తం పేర్లున్న కాగితం పక్కన పెట్టుకుని, ప్రతి పేరూ ఏ వాక్యం కిందికి వస్తుందో గీత గీసి కలపండి. గీత కలవని పేరు ఉంటే ఆ మనిషికి ప్రసంగంలో చోటు లేనట్టే. మళ్లీ రాయాలి.

సాధారణంగా ఇలా మిగిలిపోయేవాళ్లు ఎవరంటే, రాత్రి డ్యూటీవాళ్లు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు. ఇంకొకరు కూడా ఉంటారు. మీతో ఎప్పుడూ విభేదించినవారు. ఆ మనిషి పేరు చెప్పాలా వద్దా అని చాలామంది తటపటాయిస్తారు. విభేదం పని గురించి అయితే, దానివల్ల నిజంగా ఒక మంచి నిర్ణయం జరిగి ఉంటే చెప్పండి. లేకపోతే పని జాబితాలో అందరితోపాటు కలపండి. సభలో రాజీ ప్రకటించాలని చూడకండి. అవతలివారికి జవాబు చెప్పే అవకాశం ఉండదు.

నాలుగో మెట్టు: థ్యాంక్స్ వాక్యం రాయడం

మంచి కృతజ్ఞతా వాక్యంలో మూడు ఉంటాయి: మనిషి చేసిన పని, అది జరిగిన సందర్భం, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో. "అంకితభావంతో పనిచేశారు", "ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు" లాంటివి ఎవరికైనా సరిపోతాయి కాబట్టి ఎవరికీ తగలవు.

ఒక వాక్యాన్ని బాగుచేసి చూద్దాం. మొదటి ముసాయిదాలో మన హెడ్ ఇలా రాసుకున్నారు: "మా టెక్నీషియన్లు నాణ్యత విషయంలో ఎప్పుడూ రాజీపడలేదు." తప్పేమీ లేదు గానీ కళ్లముందు ఏమీ కనబడదు. "రాజీపడలేదు అంటే ఏ రోజు, ఏం చేశారు?" అని అడిగితే ఒక సంగతి బయటికి వస్తుంది. ఒక సాయంత్రం వార్డు నుంచి వచ్చిన రక్తంలో పొటాషియం ప్రమాదకరమైన స్థాయిలో చూపించింది. రిపోర్టు త్వరగా ఇమ్మని ఫోన్లు వస్తున్నాయి. టెక్నీషియన్ ట్యూబును వెలుతురులో పెట్టి చూశారు. పైకి తేలిన సీరం ఎర్రగా ఉంది. అంటే రక్తం తీసేటప్పుడో తెచ్చేటప్పుడో ఎర్రకణాలు పగిలాయి. కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి, అంకెను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆ అంకెను నమ్మితే రోగికి అవసరం లేని వైద్యం మొదలవుతుంది. ఆవిడ రిపోర్టు ఆపి, మళ్లీ శాంపిల్ అడిగి, కోపంగా మాట్లాడినవాళ్లకు కారణం వివరించారు. రెండోసారి అంకె మామూలుగా వచ్చింది.

ఇప్పుడు ఈ కథంతా సభలో చెబితే బరువైపోతుంది. వైద్యం తెలియని బంధువులకు కూడా అర్థమయ్యేలా మూడు వాక్యాలకు కుదించాలి: "ఒక సాయంత్రం రిపోర్టు వెంటనే ఇమ్మని అందరూ తొందరపెడుతుంటే, మీరు ట్యూబును వెలుతురులో పెట్టి చూసి ఈ శాంపిల్ సరిగా లేదు, మళ్లీ తీయండి అన్నారు. చివాట్లు తిన్నా మాట మార్చలేదు. ఆ రోజు ఒక మనిషికి అక్కర్లేని మందు పడకుండా ఆపింది మీరే." ఇందులో రోగి పేరు లేదు, వార్డు పేరు లేదు, తొందరపెట్టిన డాక్టర్ ఎవరో లేదు. అలాగే ఉండాలి. మీ రంగం ఏదైనా, బయటివాళ్ల గుట్టు మీ కృతజ్ఞత కోసం బయటపెట్టే హక్కు మీకు లేదు.

ఇలాంటి మాటలకు పేరొందిన ఒక వీడ్కోలు ప్రసంగం ఉంది. నయం కాని జబ్బుతో ఆటకు దూరమైన అమెరికా బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్, 1939 జులై 4న న్యూయార్క్‌లోని మైదానంలో నిలబడి మాట్లాడారు. మొత్తం రెండు మూడు నిమిషాలు. తన రికార్డుల గురించి చెప్పుకోలేదు. తనకు బహుమతి పంపిన ప్రత్యర్థి జట్టును, తనను గుర్తుపెట్టుకున్న మైదానం సిబ్బందిని, భార్యతో గొడవపడినప్పుడు తన పక్షాన నిలిచే అత్తగారిని తలచుకున్నారు. ఎవరు ఏం చేశారో చెబుతూ పోయారు, అంతే.

ఒక జాగ్రత్త. సంఘటన ఆ మనిషి సొంత జీవితానికి సంబంధించినదైతే, అంటే ఇంట్లో జబ్బు ఉన్నా డ్యూటీకి వచ్చారు లాంటిదైతే, ముందే వాళ్లను అడగండి. "ఇది చెప్పవచ్చా?" అంటే కొందరు వద్దంటారు. వద్దంటే వదిలేసి, పనికి సంబంధించిన ఇంకో సంగతి వెతకండి.

ఐదో మెట్టు: కొట్టేయాల్సినవి

రాసినది ఒకరోజు పక్కన పెట్టి మళ్లీ చదవండి. ఈ నాలుగూ కనబడితే కొట్టేయండి. "ఈ తరంవాళ్లలో ఆ పట్టుదల లేదు" అనే పోలిక. యాజమాన్యం మీద మిగిలిన ఫిర్యాదు. కొత్తగా రాబోయే హెడ్‌కు సలహాలు. "నేను వెళ్లాక ఈ విభాగం ఏమవుతుందో" అనే బెంగ. ఈ చివరిది ప్రేమతోనే అంటారు. కానీ రేపటి నుంచి అక్కడ పనిచేసేవాళ్లకు అది మీ సామర్థ్యం మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. తర్వాత హెడ్ ఎవరో తెలిసిపోయి ఉంటే ఒక్క వాక్యం చెప్పండి. ఆ వాక్యం ఆయన లేదా ఆవిడ చేసిన పని గురించి ఉండాలి.

ఆరో మెట్టు: అన్నీ కలిపితే

మన ల్యాబ్ హెడ్ ప్రసంగం చివరికి ఇలా తయారైంది. ఖాళీలు ఉన్నచోట ఆవిడ పేర్లు చెబుతారు.

"అందరికీ నమస్కారం. నా గురించి మాట్లాడిన పెద్దలకు ధన్యవాదాలు. నా సర్వీసు గురించి వాళ్లే చెప్పేశారు కాబట్టి, ఈ ఐదు నిమిషాలు నేను మా ల్యాబ్ వాళ్లతో మాట్లాడుకుంటాను.

నేను చేరిన మొదటి నెలలో కణాలు లెక్కపెడుతుంటే ప్రతిసారీ ఒక్కో అంకె వచ్చేది. _____ గారు నా పక్కన కూర్చుని, ఒకే స్లైడు నాతో మళ్లీ మళ్లీ లెక్కపెట్టించారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆయన రిటైర్ అయి చాలా ఏళ్లయింది, ఈరోజు ఇక్కడికి వచ్చారు. సార్, ఇప్పుడు నా లెక్క సరిగానే వస్తోంది.

కంప్యూటర్ వచ్చినప్పుడు నేను భయపడ్డాను. _____, నువ్వు అప్పుడే చేరావు. డ్యూటీ అయ్యాక రోజూ అరగంట ఆగి నాకు నేర్పావు. హెడ్‌కు నేర్పుతున్నానని ఎవరితోనూ అనలేదు. ఈరోజు నేను చెబుతున్నాను.

_____ గారూ, ఒక సాయంత్రం రిపోర్టు వెంటనే ఇమ్మని అందరూ తొందరపెడుతుంటే, మీరు ట్యూబును వెలుతురులో పెట్టి చూసి ఈ శాంపిల్ సరిగా లేదు, మళ్లీ తీయండి అన్నారు. చివాట్లు తిన్నా మాట మార్చలేదు. ఆ రోజు ఒక మనిషికి అక్కర్లేని మందు పడకుండా ఆపింది మీరే. మన టెక్నీషియన్లు పన్నెండు మందిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అలా ఆగి, మళ్లీ చూశారు. మీరు అలా చూసేవాళ్లు కాబట్టే నేను రిపోర్టుల మీద ధైర్యంగా సంతకం పెట్టాను.

రాత్రి డ్యూటీ చేసినవాళ్లు. ప్రమాదకరమైన అంకె వస్తే వార్డుకు ఫోన్ చేసి, అవతలివాళ్లతో ఆ అంకెను తిరిగి చెప్పించుకుని గానీ మీరు ఫోన్ పెట్టలేదు. తెల్లవారి నేను రిజిస్టర్ తెరిస్తే టైముతో సహా అన్నీ రాసి ఉండేవి. మీరు మేలుకుని ఉన్నారు కాబట్టి ఆ రాత్రుల్లో నేను ఇంట్లో నిద్రపోయాను.

_____ గారూ, శాంపిళ్లు తెచ్చే దారిలో లిఫ్ట్ పనిచేయని రోజుల్లో మీరెన్ని మెట్లు ఎక్కారో నాకు తెలుసు. మీరూ, కౌంటర్‌లో ప్రతి ట్యూబు మీదా పేరు సరిచూసిన మీ ముగ్గురూ, గాజు సామాను కడిగి ఆరబెట్టిన మీ ఇద్దరూ లేకపోతే, లోపల మా పనికి అర్థమే లేదు.

_____ గారూ, కొత్త యంత్రం కొనేటప్పుడు మీరు నాతో ఒప్పుకోలేదు. పాతది ఇంకో ఏడాది ఉంచుదామన్నారు. ఉంచాం. కొత్తది మొరాయించిన ప్రతిసారీ ఆ పాతదే మనల్ని కాపాడింది. రేపటి నుంచి ఆ గదిలో మీరు కూర్చుంటున్నందుకు నాకు సంతోషం.

మా ఇంట్లోవాళ్లకు ఒక మాట. పండగ రోజు కూడా ఫోన్ మోగితే వెళ్లు అన్నారు. నేను వెళ్లగలిగాను.

మీ అందరికీ నా నమస్కారాలు. ఇక సెలవు."

ఎన్నేళ్లు, ఎన్ని పరీక్షలు, ఎన్ని అవార్డులు అన్న లెక్క ఇందులో లేదని గమనించండి. కుటుంబం గురించి రెండు మూడు చిన్న వాక్యాలే ఉన్నాయి. అది కుటుంబాన్ని తక్కువ చేయడం కాదు. వాళ్లకు చెప్పాల్సింది ఇంటి దగ్గర తీరిగ్గా చెప్పవచ్చు. టీమ్ అంతా ఒకచోట ఉండేది ఈరోజు ఒక్కటే. విభేదించిన మనిషే తర్వాతి హెడ్ కావడం ఇక్కడ కలిసొచ్చింది. మీ దగ్గర అలా లేకపోతే ఆ పేరాను విడగొట్టండి, బలవంతంగా కలపకండి.

ఏడో మెట్టు: పైకి చదవడం

నాలుగైదుసార్లు పైకి చదవండి. మనసులో చదివితే తెలియని సంగతి ఒకటి పైకి చదివినప్పుడు తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే వాక్యం దగ్గర గొంతు పూడుకుపోతుంది. ఆ వాక్యాన్ని తీసేయకండి. దాని ముందు గీత గీసి పెట్టుకోండి, అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలని గుర్తు. ఆ వెంటనే వచ్చే వాక్యాన్ని చిన్నది చేయండి. పై ప్రసంగంలో గురువుగారి సంగతి తర్వాత "సార్, ఇప్పుడు నా లెక్క సరిగానే వస్తోంది" అని ఉన్నది అందుకే. చిన్న నవ్వు వస్తే గొంతు తేలికపడుతుంది. కన్నీళ్లు వస్తే రానివ్వండి. ఆగండి, నీళ్లు తాగండి, హాలు ఎదురుచూస్తుంది. మరీ మాట రాకపోతే మిగతాది చదవడానికి ఒకరికి రెండో కాపీ ముందే ఇచ్చి ఉంచండి.

కాగితం చూసి చదవడం నామోషీ అనుకోకండి. ముప్పై ఏళ్ల జ్ఞాపకాల మధ్య ఒక పేరు జారిపోయే ప్రమాదం కంటే కాగితం నయం. పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే, ఒక్కో మనిషికి ఒక్కో పేరాగా రాసుకోండి. పేరా మొదలయ్యే ముందు తలెత్తి ఆ మనిషి ఎక్కడ కూర్చున్నారో చూడండి, పేరు చెప్పండి, తర్వాత కాగితం చూసుకోండి.

మీకంటే ముందు మాట్లాడేవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువసేపు తీసుకోవచ్చు. సభ అలసిపోతే ఏ పేరాలు వదలాలో ముందే పక్కన గుర్తు పెట్టుకోండి. పై ప్రసంగంలో అయితే కుటుంబం పేరా వదలవచ్చు, కానీ అప్పుడు ఆ మాట వాళ్లకు ఇంటి దగ్గర చెప్పాలి. శాంపిళ్లు తెచ్చినవాళ్ల పేరా మాత్రం ఎంత ఆలస్యమైనా వదలకండి. వాళ్ల గురించి ఆ సభలో ఇంకెవరూ మాట్లాడరు.

సభ జరిగే వేళకు ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. ల్యాబ్ ఆగదు కదా. వాళ్ల గురించి మీరు చెప్పిన పేరాను మీ చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, హాలు నుంచి నేరుగా విభాగానికి వెళ్లి ఇవ్వండి. డ్యూటీ మారేలోపు వెళ్లండి.